45 కిలోల అమ్మమ్మ, 150 కిలోల వస్తాదు

ఒక చిన్న కథ అనుకుందాం. హైదరాబాదులో యానిమేషన్ చదువుతున్న అమ్మాయికి క్లాసులో ఒక పని ఇచ్చారు. 150 కిలోల వస్తాదు ఒకడు తెర ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. వెనక సంగీతం ఉండదు, అడుగు పడ్డప్పుడు నేల అదరదు, దుమ్ము లేవదు. ఒట్టి నడకను బట్టే ఆ వస్తాదు బరువు తెలియాలి. ఆ అమ్మాయి అంతకుముందు చేసిన మామూలు మనిషి నడకను తీసుకుంది. అందులో అడుగుకు 12 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన అంటే అర సెకను. బరువైనవాడు నెమ్మదిగా నడుస్తాడు కదా అని కీలన్నిటినీ, అంటే ముఖ్యమైన భంగిమలున్న ఫ్రేములన్నిటినీ పట్టుకుని రెట్టింపు దూరం సాగదీసింది. అడుగుకు 24 ఫ్రేములు అయింది. చూసిన మాస్టారు ఒకటే మాట అన్నారు: "వీడు నడవట్లేదమ్మా, తేలుతున్నాడు."

దసరా సెలవులకు తెనాలి వెళ్ళింది. ఇంట్లో అమ్మమ్మ ఉంది. 45 కిలోల మనిషి. మోకాళ్ళ నొప్పులు. వంటింటి నుంచి పెరట్లోకి వెళ్ళడానికే చాలాసేపు పడుతుంది. అమ్మాయి ఫోన్ తీసి ఆవిడ నడకను వీడియో తీయడం మొదలుపెట్టింది.

ఇక్కడిదాకా చెబితే మిగతాది ఎవరైనా ఊహించేస్తారు. అమ్మమ్మ నెమ్మదిని తెచ్చి వస్తాదుకు అతికిస్తుంది, క్లాసులో చప్పట్లు కొడతారు. కానీ అలా జరిగితే ఆ కథను నమ్మకూడదు. నెమ్మది మొదటి ప్రయత్నంలోనూ ఉంది, అందుకే అది చెడింది. పైగా వస్తాదులో మూడో వంతు కూడా లేని మనిషి నుంచి బరువు ఎలా దొరుకుతుంది? దొరుకుతుంది, కానీ వెతకాల్సిన చోట వెతికితే.

ముందు ఆ తేలడం సంగతి చూడాలి. అడుగు ఎత్తు నుంచి ఒక చెంబు జారిపడితే నేలను తాకడానికి దాదాపు పావు సెకను పడుతుంది, అంటే 6 ఫ్రేములు. ఆ చెంబు బంగారందైనా, ప్లాస్టిక్‌దైనా అంతే. ఈ లెక్క ఎవరూ నేర్పకపోయినా పుట్టినప్పటి నుంచి వస్తువులు పడటం చూసి చూసి ప్రతి కంటికీ తెలుసు. అదే పడటాన్ని 12 ఫ్రేములకు సాగదీస్తే, కాలం రెట్టింపు అవుతుంది, భూమి ఆకర్షణ మాత్రం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. కాలం లెక్కలోకి వర్గంగా వస్తుంది కాబట్టి. మన భూమి మీద పడే వస్తువు వేగం సెకను సెకనుకూ 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుంది. నాలుగో వంతంటే 2.45. చంద్రుడి మీద అది 1.62. అంటే ఆ అమ్మాయి తన వస్తాదును నెమ్మదిగా నడిపించాననుకుని నిజానికి దాదాపు తొంభై శాతం దారి చంద్రుడి వైపు తీసుకెళ్ళింది.

నడకలో శరీరం చెంబులా స్వేచ్ఛగా పడిపోదు, కాలు ఆపుతూనే ఉంటుంది, నిజమే. అయినా ప్రతి అడుగులోనూ పడే భాగం ఒకటి, లేచే భాగం ఒకటి ఉంటాయి. యానిమేషన్ క్లాసుల్లో నడకను నాలుగు భంగిమలుగా చెబుతారు. ముందు కాలు మడమ నేలను తాకేది కాంటాక్ట్. ఒళ్ళు ఆ కాలి మీదికి దిగి అడుగున ఉండేది డౌన్. వెనక కాలు ముందుకొస్తూ నిలబడ్డ కాలిని దాటేది పాసింగ్. ఒళ్ళు పైకంటా లేచేది అప్. ఇందులో అప్ నుంచి డౌన్ దాకా దిగడం భూమి చేసే పని, డౌన్ నుంచి అప్ దాకా లేవడం కండలు చేసే పని. కండలు ఎంత నెమ్మదిగానైనా చేయవచ్చు. భూమి నెమ్మదించదు. అన్ని కీలనూ ఒకే మోతాదులో సాగదీయడం వల్ల రెండూ నెమ్మదించాయి. చూసేవాళ్ళకు కండల నెమ్మది బరువుగా కనిపించేలోపే భూమి నెమ్మది గాల్లో తేలడంలా కనిపించేసింది.

ఇక అమ్మమ్మ దగ్గరకు. మొదటి రోజు తీసిన వీడియోలు పనికిరాలేదు. ఫోన్ ఎదురుగా కనబడగానే ఆవిడ కొంగు సర్దుకుని, నడుం నిలబెట్టి, చకచకా నాలుగడుగులు వేసి "చాలా?" అంది. కెమెరా ముందు ఎవరైనా చేసేదే. రెండో రోజు అమ్మాయి ఫోన్‌ను పీట మీద నిలబెట్టి, ఆవిడ పొద్దున్నే పెరట్లోకి వెళ్ళే దారి పక్కన ఉంచి, రికార్డింగ్ నొక్కి లేచిపోయింది. పక్క నుంచి ఒకటి, ఎదుటి నుంచి ఒకటి. ఫోన్ చేత్తో పట్టుకోకుండా కదలని చోట పెట్టడం ముఖ్యం. లేకపోతే నడిచే మనిషి ఊపేదో, తీసే చెయ్యి ఊపేదో తర్వాత తేలదు.

హాల్లో పరిచినవి రెండడుగుల టైల్స్. ఒక్కోటి 60 సెంటీమీటర్లు. కొలతబద్ద అవసరం లేకుండా అవే సరిపోయాయి. అమ్మమ్మ రెండు టైల్స్‌కు మూడడుగులు వేస్తోంది, అంటే అడుగు 40 సెంటీమీటర్లు. చీర వల్ల మోకాళ్ళూ తుంటీ కనిపించవు. అది ఇబ్బందే, కానీ చీర ఇంకొకటి చూపిస్తుంది. కుచ్చిళ్ళు. కాలు ముందుకు కదిలినప్పుడు కుచ్చిళ్ళు ముందుకు ఎగిరి, కాలు ఆగాక కూడా కాసేపు ఊగుతాయి. అమ్మమ్మ వీడియోలో కుచ్చిళ్ళు చాలాసేపు నిటారుగా వేలాడుతూ ఉండి, ఉన్నట్టుండి ఒక్కసారి ముందుకు ఊగి మళ్ళీ ఆగిపోతున్నాయి. నడకంతా ఒకేలా నెమ్మదైతే అవీ నెమ్మదిగా, ఆగకుండా ఊగాలి కదా. అనుమానం అక్కడ మొదలైంది.

అమ్మాయి వీడియోను ఫ్రేము ఫ్రేముగా జరుపుతూ రెండే రెండు లెక్కలు రాసుకుంది. రెండు పాదాలూ నేల మీద ఉన్నది ఎంతసేపు, ఒక పాదం గాల్లో ఉన్నది ఎంతసేపు. ఫోన్ సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది కాబట్టి వచ్చిన అంకెలను 24 లెక్కకు మార్చుకుంది. తర్వాత పోల్చడానికి అదే హాల్లో తన తమ్ముణ్ణి నడిపించి వాడి అడుగులూ లెక్కపెట్టింది.

తమ్ముడి అడుగు మొత్తం 13 ఫ్రేములు. అందులో రెండు పాదాలూ నేల మీద ఉన్నది 3, ఒక పాదం గాల్లో ఉన్నది 10. అమ్మమ్మ అడుగు మొత్తం 18. అందులో రెండు పాదాలూ నేల మీద 7, ఒక పాదం గాల్లో 11.

కథకు కీలకం ఈ అంకెల్లోనే ఉంది. అమ్మమ్మ అడుగుకు తమ్ముడి కంటే 5 ఫ్రేములు ఎక్కువ తీసుకుంటోంది. అందులో 4 రెండు పాదాలూ నేల మీద ఉన్నప్పుడే ఖర్చవుతున్నాయి. పాదం గాల్లోకి లేచాక ఆవిడ కూడా తమ్ముడంత వేగంగానే దాన్ని తెచ్చి ముందు పెట్టేస్తోంది. పెట్టక తప్పదు. ఆ కాసేపూ ఒళ్ళంతా ఒక్క కాలి మీద ఉంటుంది, ఆ కాలికి అంతసేపు మోసే ఓపిక లేదు. కాబట్టి పాదం ఎత్తడానికి ముందే తీరిగ్గా ఒంటిని ఆ కాలి మీదికి చేర్చుకుని, నిలదొక్కుకున్నాక, ఇంకో పాదాన్ని గబుక్కున జరిపేస్తోంది. నెమ్మది అంతా తయారీలో ఉంది, అడుగులో లేదు.

ఇది ఒక్క అమ్మమ్మ సంగతి కాదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి మామూలుగా నడిచేటప్పుడు, ఒక్కో కాలు తన పూర్తి చక్రంలో సుమారు 60 శాతం నేల మీద, 40 శాతం గాల్లో ఉంటుంది. రెండు పాదాలూ కలిసి నేల మీద ఉండేది మొత్తం మీద 20 శాతం దాకా. నడకను వైద్యంలో భాగంగా చదివేవాళ్ళు ఈ భాగాన్నీ చూస్తారు. వయసుతో అది పెరుగుతుంది. విశేషం ఏమిటంటే, ఊబకాయం ఉన్నవాళ్ళలోనూ అదే పెరుగుతుంది, పాదాల మధ్య ఎడం కూడా పెరుగుతుంది. అమ్మమ్మకూ వస్తాదుకూ నిజమైన చుట్టరికం ఇక్కడే ఉంది. ఆవిడ ఒళ్ళు తేలిక, కానీ మోసే కాళ్ళు అంతకంటే బలహీనం. వాడి కాళ్ళు బలమైనవే, కానీ మోయాల్సింది అంతకంటే ఎక్కువ. నడకలో కంటికి కనిపించే బరువు కిలోల్లో ఉండదు, ఒంటికీ దాన్ని మోసే కాళ్ళకూ మధ్య ఉన్న లెక్కలో ఉంటుంది.

ఎదుటి నుంచి తీసిన వీడియోలో రెండో సంగతి దొరికింది. ఆ 7 ఫ్రేముల్లో అమ్మమ్మ ఏం చేస్తోందో పక్క నుంచి కనబడదు, ఎందుకంటే ఆ కదలిక ముందుకు కాదు, పక్కకు. నడుం ఎడమకు జరిగి, తల దాని వెంట వెళ్ళి, బొట్టు ఎడమ పాదం వైపు చేరువయ్యాకే కుడి పాదం లేస్తోంది. తమ్ముడి నడకలో ఆ జరుగుడు ఉన్నా లేనట్టే ఉంది. వేగంగా నడిచేవాళ్ళ ఒళ్ళు నిలబడ్డ పాదం దాకా పూర్తిగా రాకుండానే, దాని లోపలి అంచు దగ్గర నుంచే వెనక్కి తిరిగిపోతుంది. పడిపోయేలోపే రెండో పాదం వచ్చేస్తుందన్న ధీమా అది. ఆ ధీమా లేనివాళ్ళు ముందే పూర్తిగా జరుగుతారు. అమ్మాయి మొదట చేసిన నడకలో తుంటి ముందుకూ పైకీ కిందకీ కదిలింది కానీ పక్కకు కదలనే లేదు. ఆ ఫైలును పక్క నుంచి మాత్రమే చూస్తూ చేసినందువల్ల ఆ లోపం కనబడలేదు. చాలామంది విద్యార్థుల నడకలు ఇక్కడే దెబ్బతింటాయి.

సెలవులయ్యాక మళ్ళీ మొదలుపెట్టిన వస్తాదు నడక ఇలా వచ్చింది. అడుగుకు 18 ఫ్రేములు. మొదటి ఫ్రేములో మడమ తాకుతుంది, మూడో ఫ్రేముకల్లా పాదమంతా నేలకు అతుక్కుంటుంది. తుంటి వేగంగా దిగి అయిదో ఫ్రేములో అట్టడుగుకు చేరుతుంది. అక్కడ ఆగిపోదు, అదే ఊపులో పక్కకు జరుగుతూ నిలబడ్డ పాదం మీదికి వస్తుంది. వెనక పాదం నేల వదిలేది ఎనిమిదో ఫ్రేములో. ఒళ్ళు నెమ్మదిగా, కష్టంగా లేస్తూ పదిహేనో ఫ్రేముకు పైకి చేరుతుంది. అక్కడి నుంచి దిగడం మొదలై, పంతొమ్మిదో ఫ్రేములో రెండో మడమ నేలను తాకుతుంది. లేవడానికి 10 ఫ్రేములు, దిగడానికి 8. కదలికను గీతగా చూపించే గ్రాఫ్ ఎడిటర్‌లో తుంటి గీత చూస్తే మొదటి ప్రయత్నంలో అందంగా, సమంగా ఉన్న అలలు ఇప్పుడు ఒక పక్క వాలుగా, ఇంకో పక్క నిటారుగా, రంపపు పళ్ళలా ఉన్నాయి. అందం తగ్గింది, బరువు వచ్చింది.

పొట్ట విషయం త్వరగా చెప్పుకోవచ్చు. తుంటి అయిదో ఫ్రేములో అట్టడుగుకు చేరితే, పొట్ట ఏడో ఫ్రేముకు గానీ చేరదు. కుచ్చిళ్ళు నేర్పిన పాఠమే. ఈ ఆలస్యాన్ని ఎక్కువ చేస్తే వస్తాదు కాస్తా నీళ్ళ బుడగ అవుతాడు. కండ పట్టిన పొట్టకు రెండు ఫ్రేములు చాలు.

ఇంకో ప్రశ్న రావచ్చు. నెమ్మదిగా నడిచే భారీ పాత్రలు తెర మీద ఎన్నో నప్పాయి కదా, అవెందుకు తేలలేదు? వస్తాదు బదులు కుంభకర్ణుణ్ణి తీసుకుంటే లెక్క మారుతుంది. చింతకొమ్మకు పొడవాటి తాడుతో వేసిన ఉయ్యాల ఇంట్లో గొలుసుల ఉయ్యాల కంటే నెమ్మదిగా ఊగుతుంది. పొడవు నాలుగు రెట్లైతే ఊగే సమయం రెండు రెట్లు. కాలు కూడా తుంటికి వేలాడే ఉయ్యాలే. మనిషికి నాలుగు రెట్లున్న కుంభకర్ణుడి అడుగు సహజంగానే రెట్టింపు సమయం తీసుకుంటుంది, వాడి పాదం నాలుగు రెట్ల ఎత్తు నుంచి పడాలి కాబట్టి పడటానికీ రెట్టింపు సమయమే పడుతుంది. అక్కడ సాగదీయడం తప్పు కాదు. సినిమాల్లో చిన్న నమూనాలు కట్టి వరదలూ పేలుళ్ళూ తీసేటప్పుడు కెమెరాను వేగంగా తిప్పి, తర్వాత మామూలు వేగంతో చూపించడం ఈ లెక్క మీదే. 16వ వంతు నమూనా అయితే సెకనుకు 24కు బదులు 96 ఫ్రేములు తీస్తారు. అంటే ఒట్టి నెమ్మది కంటికి ఆకారం పెద్దదని చెబుతుంది, బరువైనదని కాదు. మనిషంత వస్తాదుకు ఆ నెమ్మది ఇస్తే, ఆకారం చూస్తే మనిషి, కాలం చూస్తే రాక్షసుడు, రెండూ పొసగక తేలినట్టుంటుంది.

కుంభకర్ణుడికి మాత్రం ఇంకో చిక్కు ఉంది. ఎత్తు నాలుగు రెట్లైతే ఒంటి బరువు 64 రెట్లు పెరుగుతుంది, కాళ్ళ ఎముకల, కండల అడ్డుకోత మాత్రం 16 రెట్లే పెరుగుతుంది. గెలీలియో 1638లోనే ఎముకల విషయంలో ఈ లెక్క చెప్పాడు. చదరపు అంగుళం కండ మీద నాలుగు రెట్ల భారం పడుతుందన్నమాట. ఏనుగు కాళ్ళు స్తంభాల్లా నిటారుగా ఉండటం, ఎంత తొందరలో ఉన్నా నాలుగు పాదాలూ ఒకేసారి నేల వదలకపోవడం ఇందువల్లే. కాబట్టి కుంభకర్ణుడికి సాగదీసిన నడక కూడా చాలదు, అమ్మమ్మ ఫ్రేముల పంపకం వాడికీ కావాలి: 36 ఫ్రేముల అడుగు వేస్తే అందులో 14 రెండు పాదాల మీద. మోకాళ్ళు లోతుగా వంచి దిగే భారీ నడకలు కార్టూన్లలో తరచూ కనిపిస్తాయి. చూడ్డానికి బాగుంటాయి కానీ అంత లోతుకు వంగిన మోకాలు మళ్ళీ నిలవడానికి బోలెడు బలం కావాలి. అది చూపించకుండా నాలుగు ఫ్రేముల్లో లేపేస్తే వచ్చిన బరువంతా పోతుంది.

అమ్మమ్మ నుంచి తీసుకోకూడనివీ ఉన్నాయి. ఆ 40 సెంటీమీటర్ల అడుగు వస్తాదుకు ఇస్తే వాడు బరువైనవాడిలా కాక భయస్థుడిలా ఉంటాడు. చూపు నేల మీద పెట్టడం, గడప దగ్గర చెయ్యి గోడ కోసం వెతకడం, పాదం నేలను రాసుకుంటూ జరగడం, ఇవన్నీ జాగ్రత్తకు గుర్తులు. అమ్మాయి వీటిని వదిలేసి వస్తాదుకు 60 సెంటీమీటర్ల అడుగు, ఎత్తిన తల, పాదాల మధ్య ఇంకాస్త ఎడం ఇచ్చింది. తుంటి పాదం మీదికి చేరిందా లేదా అన్నది చూడటానికి తేలిక పద్ధతి ఒకటి పెట్టుకుంది. ఎదుటి నుంచి చూస్తూ, వెనక పాదం నేల వదిలే ఫ్రేములో ఆగి, తుంటి మధ్య నుంచి తిన్నగా కిందికి ఒక గీత గీయడం. గీత నిలబడ్డ పాదం దగ్గర పడితే వాడి బరువు వాడు మోస్తున్నట్టు. రెండు పాదాల నడుమ పడితే ఎవరో పైనుంచి తాడు కట్టి ఆడిస్తున్నట్టు.

మాస్టారికి నచ్చింది. తేలడం లేదన్నారు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి అమ్మమ్మకు చూపించింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, వస్తాదు నాలుగైదు సార్లు అటూ ఇటూ నడిచేదాకా చూసింది.

"వీడికి ఎడమ మోకాలు నొప్పేమే?" అంది.

అమ్మాయి పాత నోట్సు తీసి చూసుకుంది. పాదం గాల్లో ఉండేది 11 ఫ్రేములని తను రాసుకున్నది సగటు. అసలు వీడియోలో ఆవిడ కుడి కాలి మీద నిలబడ్డప్పుడు ఎడమ పాదం 13 ఫ్రేములు గాల్లో ఉంది. నొప్పి ఉన్న ఎడమ కాలి మీద నిలబడ్డప్పుడు కుడి పాదం 9 ఫ్రేముల్లోనే నేలకు వచ్చేసింది. నొప్పి ఉన్న కాలి మీద ఎవరూ ఎక్కువసేపు ఉండరు. లెక్కలో సగటు తీసుకున్నా, తుంటి పక్కకు జరగడాన్ని మాత్రం వీడియో పక్కన పెట్టుకుని కంటితో చూస్తూ చేసింది కాబట్టి ఆ తేడా తనకు తెలియకుండానే వస్తాదులోకి వచ్చేసింది. కుడి పక్కకు తుంటి పూర్తిగా వెళ్తోంది, ఎడమ పక్కకు వెళ్ళి మూడు ఫ్రేములు ముందే తిరిగొచ్చేస్తోంది. ఒక్క అడుగులో అయితే ఎవరి కంటా పడదు. అదే నడక పదే పదే తిరిగేసరికి కుంటు అయింది.

ఆ రాత్రే కుడివైపు గీతను తిప్పి ఎడమవైపు అతికించింది. ఈసారి ఇద్దరూ కలిసి చూశారు.